గోడకో బెజ్జం కావాలి అంకుల్!

అద్దె ఇంట్లో గేమ్ కన్సోల్‌కి నెట్ కేబుల్ వేసుకోవాలంటే ఓనర్‌కి ఏమని రాయాలి? రాసే ముందు ఏం చూసుకోవాలి?

హైదరాబాద్‌లో ఫ్లాట్ అద్దెకు తీసుకునేటప్పుడు రాసుకునే అగ్రిమెంట్లలో తరచుగా ఒక షరతు కనిపిస్తుంది. ఓనర్ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఇంట్లో మార్పులూ చేర్పులూ చేయకూడదన్నది దాని సారాంశం. సంతకం పెట్టే రోజు ఆ షరతు మీద ఎవరి చూపూ నిలవదు. క్యాలెండర్‌కి మేకు కొట్టేటప్పుడూ గుర్తుకు రాదు. హాల్లో రూటర్ ఉండి, ప్లేస్టేషన్ పక్క బెడ్‌రూమ్‌లో ఉండి, రెంటికీ మధ్య ఓ గోడ అడ్డం వచ్చిన రోజున మాత్రం తప్పకుండా గుర్తుకొస్తుంది. మేకు గోడ పైపైన దిగి ఆగిపోతుంది. కేబుల్ కోసం వేసే బెజ్జం ఇటు నుంచి అటు తేలాలి.

అప్పుడు చాలామంది పెట్టే వాట్సాప్ మెసేజ్ ఇలా ఉంటుంది: "అంకుల్, ఇంటర్నెట్ కోసం గోడకి చిన్న హోల్ పెట్టుకోవచ్చా?" దానికి వచ్చే జవాబు కూడా తెలిసిందే: "వద్దు బాబూ, గోడలు పాడైపోతాయి."

ఓనర్ మొండివాడని అద్దెకున్నవాళ్ళు అనుకుంటారు. అవతలివైపు నుంచి చూస్తే సంగతి వేరు. ఏ గోడో చెప్పలేదు. చిన్నది అంటే ఎంతో చెప్పలేదు. ఎవరు కొడతారో, ఖాళీ చేసేటప్పుడు ఆ బెజ్జం ఏమవుతుందో చెప్పలేదు. ఏమీ తెలియని పనికి వద్దనేస్తే ఓనర్‌కి పోయేదేమీ లేదు. ఇల్లు కట్టి చూడు అన్నారు కదా, కట్టినవాడికి గోడ మీద పడే ప్రతి గీతా కనపడుతుంది. కాబట్టి అనుమతి రావడం బతిమాలడంలో లేదు. మెసేజ్ రాయకముందు మనం చేసుకునే పనిలో ఉంది.

ముందు కేబుల్ అవసరమో కాదో తేల్చుకోండి

కూకట్‌పల్లిలో మూడో అంతస్తులో ఒక రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్ అనుకుందాం. ఫైబర్ కంపెనీవాళ్ళు బాల్కనీ వైపు నుంచి తీగ తెచ్చి హాల్లో టీవీ యూనిట్ మీద బాక్సు పెట్టి వెళ్ళారు. ప్లేస్టేషన్ 5 బెడ్‌రూమ్‌లో ఉంది. సినిమాలు బాగానే వస్తాయి. ఆన్‌లైన్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడుతుంటే మాత్రం ఉన్నట్టుండి ఆటగాడు ఒక చోట మాయమై ఇంకో చోట తేలతాడు. బటన్ నొక్కిన అరక్షణానికి బంతి కదులుతుంది.

సినిమాకి లేని ఇబ్బంది ఆటకి ఎందుకు? సినిమా కొన్ని సెకన్ల ముందు భాగాన్ని ఎప్పటికప్పుడు దింపి పెట్టుకుంటుంది. మధ్యలో నెట్ కాస్త తడబడినా ఆ నిల్వ మీద నడిచిపోతుంది. ఆటలో నిల్వకి తావు లేదు. మనం నొక్కిన బటన్ అప్పటికప్పుడు సర్వర్‌కి చేరాలి, అక్కడి కబురు అప్పటికప్పుడు వెనక్కి రావాలి. దానికి పెద్ద వేగమేమీ అక్కర్లేదు, ప్యాకెట్లు సమానమైన వ్యవధిలో వచ్చిపోతే చాలు. వైఫైలో ఆ సమానత్వమే దెబ్బతింటుంది. ఒకే గాలిలో పక్క ఫ్లాట్ల రూటర్లన్నీ వంతులేసుకుని మాట్లాడాలి. పాత 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడని చానళ్ళు మూడే (1, 6, 11). అపార్ట్‌మెంట్‌లో పాతిక రూటర్లుంటే అవన్నీ ఆ మూడింటిలోనే సర్దుకోవాలి. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువే గాని అది గోడ దాటేసరికి బాగా నీరసించిపోతుంది.

అయితే తప్పు వైఫైది కాకపోవచ్చు కూడా. బయటి లైనే బాగోలేకపోతే గోడకి బెజ్జం వేయించి, ఓనర్‌తో మాట పడి, చివరికి ఆట మునుపటిలాగే ఆగుతుంది. తేల్చుకోవడానికి సులువైన దారి ఉంది. కన్సోల్ పక్కన ల్యాప్‌టాప్ పెట్టి, వైఫైకే కలిపి, విండోస్ కమాండ్ విండోలో ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి కొట్టండి:

```
ping -n 100 192.168.1.1
ping -n 100 8.8.8.8
```

మొదటిది ఇంట్లో ఉన్న రూటర్‌ని వందసార్లు పలకరిస్తుంది. కొన్ని ఇళ్ళలో రూటర్ చిరునామా 192.168.0.1 అనో ఇంకోటో ఉంటుంది. `ipconfig` అని కొడితే Default Gateway అన్న వరసలో కనపడుతుంది. రెండోది ఇల్లు దాటి బయట గూగుల్ సర్వర్‌ని పలకరిస్తుంది. రూటర్ ఉన్నది పక్క గదిలోనే కాబట్టి మొదటిదానికి జవాబులన్నీ కొద్ది మిల్లీసెకన్లలో రావాలి. నాలుగు, ఆరు, అయిదు అని వస్తూ వస్తూ మధ్యలో 140, 200 అని ఎగిరితే, లేదా Request timed out అని పడితే, చిక్కు ఇంట్లోనే, గాలిలోనే ఉంది. మొదటిది నిలకడగా ఉండి రెండోది మాత్రం ఎగిరెగిరి పడుతుంటే చిక్కు కంపెనీ లైన్‌లో ఉంది. అప్పుడు మెసేజ్ పెట్టాల్సింది ఓనర్‌కి కాదు, కంపెనీకి.

మొదటి రకమే అని తేలిందా? ఇంకో మెట్టు ఉంది. పదిహేను మీటర్ల కేబుల్ ఒకటి అరువు తెచ్చి, రూటర్ నుంచి నేల మీదుగా తలుపులోంచి తిప్పి కన్సోల్‌కి పెట్టండి. ఓ రెండు సాయంత్రాలు, అందరూ నెట్ వాడే వేళలో ఆడండి. ప్లేస్టేషన్ 5లో Settings > Network > Connection Status > Test Internet Connection నొక్కి అప్పుడూ ఇప్పుడూ పోల్చుకోండి. తేడా కళ్ళకు కట్టినట్టు తెలిస్తేనే గోడ దాకా వెళ్ళాలి. ఇంత ఎందుకంటే, "వైఫై ఉంది కదా బాబూ?" అని ఓనర్ అడుగుతారు. "కేబుల్ పెట్టి చూశాను అంకుల్, దాంతో సరిగ్గా వస్తోంది" అనడానికీ, "ఫ్రెండ్ చెప్పాడు అంకుల్" అనడానికీ చాలా తేడా ఉంది.

బెజ్జం లేకుండా కుదురుతుందేమో చూడండి

అద్దె ఫ్లాట్లలో గోడల మధ్య దారులు చాలావరకు ముందే ఉంటాయి. హాల్లోనూ బెడ్‌రూమ్‌లోనూ కేబుల్ టీవీ కోసం చిన్న ప్లేట్లు ఉన్నాయేమో చూడండి. గోడలోపల వాటిని కలుపుతూ పైపు వేసి ఉంటే, దాన్లో ఎవరూ వాడని పాత టీవీ తీగ నిద్రపోతూ ఉంటుంది. ఆ తీగ చివర కొత్త కేబుల్ కట్టి అవతలి నుంచి లాగితే పని అయిపోతుంది. పైపు మలుపుల దగ్గర సిమెంటు గడ్డకట్టి ఉంటే తీగ రాదు. రెండు మూడుసార్లు లాగినా కదలకపోతే వదిలేయాలి, తెగితే అదో తలనొప్పి. ఆ పైపులో కరెంటు తీగలు కూడా ఉంటే మాత్రం నెట్ కేబుల్ వేయనే కూడదు. నెట్ కేబుల్ తోలు 230 వోల్టులకు తట్టుకునేలా చేసింది కాదు.

రెండో దారి ఏసీ బెజ్జం. స్ప్లిట్ ఏసీ రాగి గొట్టాల కోసం బెడ్‌రూమ్ గోడకి వేసిన బెజ్జంలో తరచుగా వేలు పట్టేంత ఖాళీ ఉంటుంది. ఫైబర్ కూడా బాల్కనీ వైపు నుంచే వచ్చి ఉంటే, అక్కడి నుంచి తిప్పి తీసుకురావచ్చు. ఎండా వానా తగిలే చోట బయట వాడే నల్లతోలు కేబుల్ వేయాలి. లోపల వాడే మామూలు కేబుల్ తోలు ఎండకి పెళుసెక్కి పగులుతుంది.

మూడోది, బాక్సునే జరపడం. ఫైబర్ బాక్సుని బెడ్‌రూమ్‌లోకి మార్చమని కంపెనీవాళ్ళని అడగవచ్చు. అప్పుడు హాల్లో వైఫై తగ్గుతుంది కాబట్టి ఇంట్లోవాళ్ళ మాట కూడా వినాలి.

మన కూకట్‌పల్లి ఫ్లాట్‌లో టీవీ పైపు మూసుకుపోయింది, ఏసీ లేదు, తలుపు గదికి అటు చివర ఉంది. తలుపు చుట్టూ తిప్పితే పద్నాలుగు మీటర్లు, గడప దగ్గర కాళ్ళకు అడ్డం. గోడలోంచి అయితే రెండు వైపులా కలిపి అయిదారు మీటర్లు చాలు. ఇక గోడే దిక్కు.

ఏ గోడ, ఎక్కడ, ఎంత?

ఓనర్‌కి పంపే మెసేజ్‌లో ప్రాణం ఈ మూడు మాటల్లోనే ఉంది.

ముందు గోడ సంగతి. ఇటుకతో కట్టిన అపార్ట్‌మెంట్లలో బయటి గోడ తొమ్మిది అంగుళాలు, గదుల మధ్య గోడ నాలుగున్నర అంగుళాలు ఉంటుంది. రెండు వైపులా ప్లాస్టరింగ్ కలుపుకుంటే గదుల మధ్య గోడ మందం అయిదున్నర అంగుళాలు, అంటే పద్నాలుగు సెంటీమీటర్ల దాకా వస్తుంది. బరువంతా పిల్లర్లూ బీములూ మోస్తాయి, ఈ గోడ గదుల్ని వేరుచేస్తుంది అంతే. తెల్లటి తేలిక దిమ్మెలతో కట్టిన గోడలూ అంతే, వాటిలో డ్రిల్లు ఇంకా సులువుగా దిగుతుంది. కొత్త గేటెడ్ కమ్యూనిటీల్లో సంగతి వేరు. అల్యూమినియం అచ్చులు బిగించి, గోడలూ స్లాబూ కలిపి ఒకేసారి కాంక్రీటు పోసే మైవాన్ పద్ధతిలో కట్టిన భవనాల్లో చాలా గోడలు బరువు మోసేవే. లోపల ఇనుప చువ్వలుంటాయి. వాటికి బెజ్జం వేయాలంటే ఓనర్ ఒక్కరి మాట సరిపోదు, అసోసియేషన్‌ని కూడా అడగాలి. ఎక్కడైనా సరే పిల్లర్‌నీ బీమ్‌నీ ముట్టుకోకూడదు. వేలి కణుపుతో కొడితే ఇటుక గోడ కాస్త గుల్లగా పలుకుతుంది, కాంక్రీటు గట్టిగా, పొట్టిగా పలుకుతుంది. అనుమానం ఉంటే ఎలక్ట్రీషియన్ తేలుస్తాడు.

తర్వాత చోటు. స్విచ్ బోర్డుకి నేరుగా పైనా కిందా, పక్క బోర్డుకి వెళ్ళే వరసలోనూ కరెంటు పైపులుంటాయి. ఆ గీతల నుంచి కనీసం అడుగు దూరం జరగాలి. గోడకి అవతల బాత్‌రూమ్ గానీ వంటిల్లు గానీ ఉంటే ఆ గోడ మానుకోవడం మేలు, నీళ్ళ పైపులు ఎటు పోతున్నాయో పైకి తెలియదు. నేల అంచున స్కర్టింగ్ టైల్ ఉంటుంది కదా, దాని మీద డ్రిల్లు పెడితే పగులుతుంది. అందుకని నేల నుంచి ఒక అడుగు ఎత్తు బాగుంటుంది. టీవీ యూనిట్ వెనక, అటువైపు మంచం వెనక వచ్చేలా చూసుకుంటే ఎవరికీ కనపడదు. రెండు వైపులా ఒకే చోటికి రావాలంటే తలుపు ఫ్రేమ్ నుంచి టేపుతో కొలవాలి, ఫ్రేమ్ రెండు గదులకీ ఉమ్మడి కొలబద్ద.

చివరగా ఎంత? ఇక్కడ చాలామంది చేసే పని, రెండు చివరలా క్లిప్పు బిగించిన కేబుల్ కొనుక్కురావడం. ఆ ప్లాస్టిక్ క్లిప్పు వెడల్పే దాదాపు 12 మిల్లీమీటర్లు. అది మూలల్తో సహా దూరాలంటే 16 మిల్లీమీటర్ల బెజ్జం కావాలి. క్లిప్పు లేని క్యాట్ 6 కేబుల్ మందం మాత్రం సుమారు 6 మిల్లీమీటర్లే, దానికి 10 మిల్లీమీటర్ల బెజ్జం సరిపోతుంది. 16తో పోలిస్తే గోడలో పోయే చోటు సగం కూడా కాదు. కాబట్టి ఉత్త కేబుల్ దూర్చి, రెండు వైపులా గోడకి చిన్న ప్లేట్లు బిగించి, చివరల్ని వాటిలో కలపాలి. నెట్‌వర్క్ పని చేసేవాళ్ళు వీటిని ఐ.ఓ. ప్లేట్లంటారు. అక్కడి నుంచి రూటర్‌కీ కన్సోల్‌కీ పొట్టి తీగలు పెట్టుకుంటే సరి. ప్లేటు కింద బెజ్జం కనపడదు కూడా.

అగ్రిమెంట్ ఏమంటుంది, చట్టం ఏమంటుంది

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్ అద్దెదారు ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో చెబుతుంది. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే ఇది వర్తిస్తుంది. తన సొంత ఇంటిని జాగ్రత్తపరుడు ఎలా వాడుకుంటాడో అలా వాడుకోవచ్చు. కట్టడానికి శాశ్వతమైన హాని చేయకూడదు. మామూలు అరుగుదల పోను, చేతికొచ్చినప్పుడు ఎలా ఉందో అలా తిరిగి అప్పగించాలి. బెజ్జం విషయంలో ఓనర్ మనసులో ఉండేదీ ఈ చివరి మాటే. పెట్టుకునేటప్పటి గోడ గురించి ఆయనకి అంత బెంగ ఉండదు, మనం వెళ్ళిపోయాక మిగిలే గోడ గురించే ఉంటుంది. ఖాళీ చేసే రోజున పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులో కోత పెట్టడం నగరంలో మామూలే. అనుమతి లేని బెజ్జం ఒకటి కనపడితే ఆ కోత ఎంతన్నది ఇక ఓనర్ ఇష్టం.

అందుకే ఫోన్‌లో అడిగి ఊరుకోకుండా రాతలో పెట్టాలి. ఎవరిని అడగాలో కూడా చూసుకోవాలి. నెలనెలా అద్దె తీసుకునేది బావమరిదో వాచ్‌మనో అయి, ఫ్లాట్ అమెరికాలో ఉన్న అబ్బాయి పేరు మీద ఉండటం హైదరాబాద్‌లో కొత్త కాదు. అగ్రిమెంట్‌లో ఎవరి సంతకం ఉందో వారి నుంచే సరే అన్న మాట రావాలి. ఇక్కడ చూసుకుంటున్న పెద్దాయనకి ముందు ఓ మాట చెప్పి, అసలు ఓనర్‌కి మెసేజ్ పెట్టడం మర్యాద. సముద్రాల అవతల ఉన్న మనిషి వచ్చి గోడ చూడలేడు కాబట్టి ఫొటోలు తప్పనిసరి. బెజ్జం వచ్చే చోట ఎర్ర టేపు ముక్క అంటించి, దగ్గరగా ఒకటి, గోడంతా కనపడేలా దూరం నుంచి ఒకటి, రెండు గదుల్లోనూ తీయాలి.

ఇదీ మెసేజ్

ఇంత చూసుకున్నాక రాయడానికి అయిదు నిమిషాలు పడుతుంది. మన కూకట్‌పల్లి ఫ్లాట్ నుంచి వెళ్ళే మెసేజ్ ఇలా ఉండొచ్చు:

"నమస్తే అంకుల్. 302 నుంచి. ఒక చిన్న పనికి మీ అనుమతి కావాలి.

హాల్లో టీవీ దగ్గరున్న ఇంటర్నెట్ బాక్సు నుంచి పక్క బెడ్‌రూమ్‌లోకి కేబుల్ వేసుకోవాలనుకుంటున్నాను. నేను ఆడుకునే గేమ్ బాక్సుకి వైఫై సరిగ్గా అందడం లేదు. కేబుల్ బయట నుంచి తిప్పి పెట్టి చూశాను, బాగా వస్తోంది. పాత టీవీ పైపులోంచి లాగించి చూశాం గాని మూసుకుపోయింది.

రెండు గదుల మధ్య గోడకి 10 మి.మీ. బెజ్జం ఒక్కటి పడుతుంది, పెన్ను పట్టేంత. నేల నుంచి అడుగు ఎత్తులో, టీవీ యూనిట్ వెనక. అటువైపు మంచం వెనక వస్తుంది. ఫొటోల్లో ఎర్ర టేపు ఉన్న చోటు అదే. అక్కడ కరెంటు పైపు, నీళ్ళ పైపు, పిల్లర్ లేవని ఎలక్ట్రీషియన్ చూసి చెప్పాడు.

మన అపార్ట్‌మెంట్‌కి వచ్చే ఎలక్ట్రీషియనే చేస్తాడు. ఖర్చంతా నాదే. రెండు వైపులా తెల్ల ప్లేట్లు వస్తాయి.

ఖాళీ చేసేటప్పుడు మీరు ఉంచమంటే ఆ పాయింట్ అలాగే వదిలేస్తాను. తీయమంటే తీసి, పూడ్పించి, ఆ గోడకి రంగు వేయించి ఇస్తాను.

మీరు సరే అంటే ఆదివారం పదకొండింటికి చేయిస్తాను. వచ్చి చూస్తానంటే మీకు వీలైన టైమ్ చెప్పండి. అభ్యంతరం ఉన్నా చెప్పండి అంకుల్, వేరే ఏర్పాటు చేసుకుంటాను."

ఇందులో పింగ్ లేదు, మిల్లీసెకన్లు లేవు. అవి మన నమ్మకం కోసం చేసుకున్న లెక్కలు, ఓనర్‌కి వాటితో పని లేదు. గేమ్ బాక్సు అని దాచకుండా చెప్పడం కావాలనే. ఆఫీసు పని అని అబద్ధమాడితే, రేపు ఆయన వచ్చి చూసినప్పుడు కేబుల్ చివర ప్లేస్టేషన్ కనపడుతుంది. బెజ్జం గురించి చెప్పిన మిగతా మాటల మీద కూడా అప్పుడు అనుమానం వస్తుంది. చివరి వాక్యం వద్దనడానికి ఆయనకి దారి ఇస్తుంది. దారి ఉన్నప్పుడే మనిషి నిమ్మళంగా ఆలోచిస్తాడు.

అన్నిటికన్నా బరువైనది ఖాళీ చేసేటప్పటి మాట. ఉంచాలా తీయాలా అన్నది ఆయనకే వదిలేశాం. చాలామంది ఓనర్లు ఇక్కడ మెత్తబడతారు. తర్వాత వచ్చే అద్దెదారు ఇంట్లో కూర్చుని సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మనిషైతే, బెడ్‌రూమ్‌లో నెట్ పాయింట్ ఉండటం ఆ ఫ్లాట్‌కి లాభమే.

ఓనర్ తిరిగి అడిగితే

సాధారణంగా వచ్చే ప్రశ్న, "మచ్చ కనపడుతుంది కదయ్యా?" ఇది న్యాయమైన భయం. బెజ్జం పూడ్చడం కష్టం కాదు. లోపల సిమెంటు నింపి, ఆరాక పైన వాల్ పుట్టీ పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, ప్రైమర్ వేసి రంగు వేయాలి. చిక్కల్లా రంగుతోనే. మూడేళ్ళ కింద వేసిన రంగు వెలిసి ఉంటుంది. అదే షేడ్ డబ్బా తెచ్చి ఆ ముక్కకే పూస్తే చతురస్రంలా ఎత్తి చూపిస్తుంది. అందుకే మెసేజ్‌లో 'ఆ గోడకి' అని రాశాం, ఒక మూల నుంచి ఇంకో మూల దాకా గోడ మొత్తానికీ వేస్తేనే కలుస్తుంది. షేడ్ నంబర్ ఓనర్ దగ్గర ఉంటే ఇప్పుడే అడిగి రాసి పెట్టుకోవాలి.

"చూద్దాంలే" అన్న జవాబుని అనుమతిగా తీసుకోకూడదు. బొటనవేలి బొమ్మ వచ్చినా అంతే, మెసేజ్ చూశానని దాని అర్థం కావచ్చు. "అయితే ఆదివారం చేయించమంటారా అంకుల్?" అని ఒక్కసారి అడిగి, "సరే, చేయించుకో" అన్న మాట రాతలో తీసుకోవాలి. వారం దాటినా జవాబు రాకపోతే అద్దె వేసిన రోజున ఫోన్ చేసి గుర్తుచేయవచ్చు. మౌనంగా ఉన్నారు కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకుని డ్రిల్లు తీయకూడదు. ఒప్పుకున్న మాటని, పదకొండు నెలల తర్వాత అగ్రిమెంట్ మళ్ళీ రాసుకునేటప్పుడు ఒక వాక్యంగా చేర్పించుకుంటే ఇంకా గట్టి.

ఆదివారం పదకొండింటికి

ఆ గోడ వైపు కరెంటు ఎం.సీ.బీ. దించేసి, డ్రిల్లుకి వేరే గది నుంచి ఎక్స్‌టెన్షన్ పెట్టాలి. మామూలు 10 మిల్లీమీటర్ల బిట్ పొట్టిది, పద్నాలుగు సెంటీమీటర్ల గోడ దాటదు. పొడుగు బిట్ తెమ్మని ఎలక్ట్రీషియన్‌కి ముందే చెప్పాలి. ఒకే వైపు నుంచి బలంగా కొట్టుకుపోతే, బిట్ అవతల తేలేచోట ప్లాస్టరింగ్ పెచ్చులుగా ఊడి అరచేయంత గుంట పడుతుంది. ఓనర్లు భయపడే గోడ ఇలాగే పాడవుతుంది. దీనికి విరుగుడు, ముందు సన్న బిట్‌తో అటు తేల్చి, తర్వాత 10 మిల్లీమీటర్ల బిట్‌తో రెండు వైపుల నుంచీ సగం సగం వేయడం. మధ్యలో బిట్ కదలక మెరిసే పొడి వస్తే ఇనుము తగిలినట్టు. అక్కడితో ఆపేయాలి. బలవంతం చేయకూడదు.

కేబుల్ కొనేటప్పుడు పూర్తి రాగిదేనా అని చూడండి. అల్యూమినియం తీగకి రాగి పూత పూసినవి తక్కువ ధరకి దొరుకుతాయి. తీగ కొసని బ్లేడుతో గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. అది తొందరగా విరుగుతుంది. గోడలో ఉండిపోయే తీగ కాబట్టి ఇక్కడ పీనాసితనం పనికిరాదు. మలుపుల దగ్గర కేబుల్‌ని మడత పెట్టకుండా గుండ్రంగా తిప్పాలి.

ప్లేట్లలో ఎనిమిది సన్న తీగలు కలపాలి. రెండు చివరలా ఒకే రంగుల వరస ఉండాలి. ఒక్క తీగ సరిగ్గా కూర్చోకపోయినా కొన్నిసార్లు నెట్ వస్తుంది, కానీ గిగాబిట్ రావాల్సింది వంద మెగాబిట్ దగ్గర ఆగిపోతుంది. అంత వేగానికి నాలుగు తీగలే చాలు కాబట్టి పైకి అంతా బాగున్నట్టే కనపడుతుంది. ల్యాప్‌టాప్ పెట్టి లింక్ వేగం 1000 అని చూపిస్తోందో 100 అని చూపిస్తోందో ఎలక్ట్రీషియన్ వెళ్ళకముందే చూసుకోవాలి. తర్వాత ఇందాకటి మొదటి ping మళ్ళీ కొడితే వంద జవాబులూ ఇలా వరసగా రావాలి:

```
Reply from 192.168.1.1: bytes=32 time<1ms TTL=64
```

ప్లేట్లు బిగించాక రెండు వైపులా ఫొటోలు తీసి, అదే మెసేజ్ కింద ఓనర్‌కి పంపాలి: "పని అయిపోయింది అంకుల్, ఎక్కడా పెచ్చు లేవలేదు. థాంక్స్." అడిగిన మాట, ఒప్పుకున్న మాట, చేసిన పని అన్నీ ఒకే చోట తేదీలతో ఉంటాయి. రెండేళ్ళ తర్వాత అడ్వాన్సు లెక్క చూసే రోజున ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడనక్కర్లేదు.

ఇదంతా ఆ ఇంట్లో ఇంకో ఏడాదైనా ఉండేవాళ్ళకి. నాలుగు నెలల్లో ఖాళీ చేయబోతూ ఓనర్ చేత గోడకి బెజ్జం ఒప్పించి, వెళ్ళేటప్పుడు గోడంతా రంగు వేయించి ఇవ్వడం దండగ. అలాంటివాళ్ళు తలుపు కిందనుంచి బల్లపరుపుగా ఉండే ఫ్లాట్ కేబుల్ వేసుకుని, గోడ అంచునే క్లిప్పులకి బదులు టేపు అంటించుకుంటే ఆటా నడుస్తుంది, అడ్వాన్సూ మిగులుతుంది.